పేపర్‌లో ఉన్న మెయిల్ చచ్చిపోయాక: రెండు ఆర్కిడ్ ఐడీలు ఉన్న ఒక మేడమ్ కేసు

నేను లైబ్రరీలో రీసెర్చ్ సపోర్ట్ చూస్తాను. అంటే సగం రోజు ఫ్యాకల్టీ వాళ్ళ ప్రొఫైల్స్ సరిచేయడమే పని. ఆర్కిడ్ అంటే ప్రతి రీసెర్చర్‌కీ విడిగా ఉండే 16 అంకెల ఐడీ, దాని కింద వాళ్ళ పేపర్ల రికార్డ్. దాని గురించి ట్రైనింగ్ పెట్టిన ప్రతిసారీ "రిజిస్టర్ అయ్యాం కదా, ఇంకేముంది" అనే వాళ్ళే ఎక్కువ. వాళ్ళందరికీ చెప్పాలనిపించిన కేసు ఇది. మేడమ్ పేరు, డిపార్ట్‌మెంట్ రాయను, అడిగి పర్మిషన్ తీసుకునే రాస్తున్నా.

మొదలు ఎలా అయ్యిందంటే, మేడమ్ పెట్టిన ఒక డేటాసెట్ గురించి వేరే దేశంలో ఒక రీసెర్చర్‌కి డౌట్ వచ్చింది, ఒక కాలమ్‌లో యూనిట్ ఏంటో తెలియలేదంట. పేపర్‌లో కరస్పాండింగ్ ఆథర్ మెయిల్‌కి రాశాడు, బౌన్స్ అయ్యింది, ఎందుకంటే అది మేడమ్ పీహెచ్‌డీ చేసిన చోట ఇచ్చిన మెయిల్, 2019లో అక్కడ్నుంచి వచ్చేశాక వాళ్ళు దాన్ని మూసేశారు. తర్వాత పేరుతో వెతికాడు, ఆర్కిడ్‌లో ఒకే పేరుతో రెండు రికార్డులు కనిపించాయి, ఒకదాంట్లో పాత యూనివర్సిటీలోనే ఇంకా పని చేస్తున్నట్టు ఉంది, రెండోది తెరిస్తే ఖాళీ. గూగుల్ స్కాలర్‌లో చూస్తే ఈ సబ్జెక్ట్‌కి సంబంధం లేని పేపర్లు. చివరికి ఒక కో-ఆథర్ ద్వారా నాలుగు నెలలకి మేడమ్‌ని పట్టుకున్నాడు. ఈలోపు అతని పేపర్ వెళ్ళిపోయింది, డేటాసెట్ వాడలేదు, రిఫరెన్స్‌గా సైట్ కూడా చేయలేదు. మేడమ్ నా దగ్గరికొచ్చి "నేను అన్నీ నింపానండీ, ఖాళీగా ఉందంటాడేంటి" అన్నారు, నిజంగానే కోపంగా.

నేను ఇలాంటప్పుడు లాగిన్ అవ్వను ముందు. ప్రైవేట్ విండో ఓపెన్ చేసి, బయటివాడు చూసినట్టే చూస్తాను. మనం లాగిన్ అయ్యి చూస్తే మన రికార్డ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది, అదే అసలు మోసం. మేడమ్ లాగిన్‌లో కొత్త ఐడీలో 11 వర్క్స్ ఉన్నాయి, ప్రైవేట్ విండోలో సున్నా. పక్కపక్కన రెండు విండోలు పెట్టి చూపిస్తే ఆవిడ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు.

కారణం చిన్నదే. ఆర్కిడ్‌లో ప్రతి ఐటమ్‌కీ మూడు స్థాయిలు ఉంటాయి, `Everyone`, `Trusted parties`, `Only me`. రిజిస్టర్ అయ్యేటప్పుడు ఇకమీద కలిపేవాటికి ఏది డిఫాల్ట్‌గా ఉండాలి అని అడుగుతుంది, మేడమ్ జాగ్రత్త కొద్దీ `Only me` కొట్టారు. ఆ తర్వాత ఎవరో చెప్తే సెట్టింగ్స్‌లోకెళ్ళి డిఫాల్ట్‌ని `Everyone` చేశారు కూడా, కానీ ఆ మార్పు అప్పట్నుంచి కలిపేవాటికే వర్తిస్తుంది, అప్పటికే ఉన్న 11 అలాగే తాళం వేసి ఉండిపోయాయి. పాతవాటిని టిక్ పెట్టి సెలెక్ట్ చేసుకుని విడిగా మార్చాలి. ఇది తెలియక ఇలా ఇరుక్కున్నవాళ్ళని నేనే డజను మందిని చూశా.

సరే, ఇక పెద్ద సమస్య రెండు ఐడీలు. మొదటిది 2014లో పీహెచ్‌డీలో ఉన్నప్పుడు ఒక జర్నల్ అడిగితే తీసుకున్నది. రెండోది 2020లో కొత్త చోట చేరాక, పాతది గుర్తులేక, కొత్త ఆఫీస్ మెయిల్‌తో తీసుకున్నది. సిస్టమ్ ఆపలేదు, ఎందుకంటే అదే మెయిల్‌తో మళ్ళీ వస్తేనే అది ఆపుతుంది, మెయిల్ వేరైతే కొత్త ఐడీ ఇచ్చేస్తుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, చేరిన రోజే పర్సనల్ మెయిల్ కూడా రెండోదిగా కలిపేయండి అని. ఆఫీస్ మెయిల్ ఒక్కటే పెట్టుకుంటే అది ఊడినరోజు పాస్‌వర్డ్ రీసెట్ కూడా కుదరదు.

మేడమ్ మాట ఏంటంటే కొత్తది నీట్‌గా ఉంది, పాతది తీసేద్దాం. నేను కాసేపు ఆగమన్నా. ఏది ఉంచాలి అనేది ఏది నీట్‌గా ఉంది అన్నదాన్ని బట్టి కాదు, పబ్లిషర్లు పేపర్‌తో పాటు నమోదు చేసే వివరాల్లో, అంటే మెటాడేటాలో, ఏది ఎక్కువ ఎక్కింది అన్నదాన్ని బట్టి. పేపర్ సబ్మిట్ చేసేటప్పుడు ఇచ్చిన ఐడీని పబ్లిషర్ డీఓఐతో పాటు, అంటే ఆ పేపర్‌కి ఉండే శాశ్వత నంబర్‌తో పాటు, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌కి పంపిస్తాడు, అది అక్కడ అచ్చయినట్టే. దాన్ని చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో ఈ లైన్ కొడితే చాలు. ఇక్కడ పెట్టింది ఆర్కిడ్ వాళ్ళే శాంపిల్‌కి వాడే కల్పిత ప్రొఫెసర్ ఐడీ, మీది పెట్టుకోండి.

```
https://api.crossref.org/works?filter=orcid:0000-0002-1825-0097&rows=50&select=DOI,title
```

మేడమ్ మొత్తం పబ్లికేషన్స్ 24. అందులో 18 జర్నల్ పేపర్లకీ, 2 బుక్ చాప్టర్లకీ క్రాస్‌రెఫ్ డీఓఐ ఉంది, ఒక డేటాసెట్ జెనోడో అనే ఓపెన్ రిపాజిటరీలో ఉంది, ఇంకో 3 పేపర్లు చిన్న జర్నల్స్‌లో వచ్చినవి, వాటికి డీఓఐ లేనే లేదు. పాత ఐడీ పెట్టి కొడితే 7 వచ్చాయి. కొత్తది పెట్టి కొడితే 3. అంటే తీసేద్దాం అనుకున్నదే బయట ఎక్కువ తిరుగుతోంది. రెండు ఐడీలు కలిపేస్తే పాత లింక్ నొక్కినవాడు ఉంచినదానికి రీడైరెక్ట్ అవుతాడు కాబట్టి మనుషులకి ఇబ్బంది లేదు, కానీ పైన చూపించిన లాంటి వెతుకులాట చేసే మెషీన్లకి మెటాడేటాలో ఏ నంబర్ ఉంటే అదే. అందుకని పాతది ఉంచి కొత్తది మూసేద్దాం అని తేల్చాం. మేడమ్‌కి పూర్తిగా నచ్చలేదు, గ్రాంట్ అప్లికేషన్‌లో కొత్తది ఇచ్చానే అన్నారు. అది పోర్టల్‌లో ఒకసారి మార్చుకుంటే అయిపోతుంది, అచ్చయిన 7 పేపర్ల మెటాడేటాని మనం ముట్టుకోలేం కదా అన్నా.

ఇప్పుడు పాత అకౌంట్‌లోకి వెళ్ళడం ఎలా? మెయిల్ చచ్చిపోయింది, రీసెట్ లింక్ ఎటూ రాదు. ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు, కానీ ఆర్కిడ్ లాగిన్ బాక్స్‌లో మెయిల్ బదులు 16 అంకెల ఐడీ కూడా కొట్టొచ్చు. పాస్‌వర్డ్ మాత్రం తెలియాలి. మేడమ్ ఇంట్లో పడేసిన పాత ల్యాప్‌టాప్ తెచ్చారు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్స్‌లో దొరికింది. అది దొరక్కపోయుంటే ఆర్కిడ్ సపోర్ట్‌కి రాసి, ఆ రికార్డ్ మనదే అని వాళ్ళని ఒప్పించుకోవాల్సి వచ్చేది.

లోపలికెళ్ళాక ఇంకో చిక్కు. పాత అకౌంట్‌లో ఇప్పటి ఆఫీస్ మెయిల్ కలుపుదామంటే తీసుకోదు, అది కొత్త అకౌంట్‌లో ఉంది కాబట్టి, ఒక మెయిల్ ఒక అకౌంట్‌లోనే ఉండాలి. అందుకని ముందు రెండింట్లోనూ లేని మూడో మెయిల్ ఒకటి, పర్సనల్‌ది, పాత అకౌంట్‌లో కలిపి, వెరిఫై చేసి, ప్రైమరీ చేశాం. అకౌంట్లు కలిపాక ఆఫీస్ మెయిల్ దానంతటదే ఇటు వచ్చేస్తుంది.

కలపడం అనే మాట వాడుతున్నా గానీ నిజానికి అది కలపడం కాదు, దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో డూప్లికేట్ రికార్డ్ తీసేసే ఆప్షన్ ఉంటుంది, అది చేస్తే మూసేసిన రికార్డ్‌లోని మెయిల్స్ మాత్రమే ఉంచినదానికి వస్తాయి, వర్క్స్, ఉద్యోగాలు, మిగతావన్నీ చెరిగిపోతాయి. వెనక్కి తీసుకోవడం ఉండదు. అందుకే ముందు కొత్త అకౌంట్‌లోని 11 వర్క్స్‌ని, రిఫరెన్సులు దాచుకునే బిబ్‌టెక్ ఫైల్‌గా దింపుకున్నాం, బ్యాకప్‌కి.

ఇంకో విషయం, ఉంచుకోవాలనుకున్న అకౌంట్‌లో లాగిన్ అయ్యి, తీసేయాల్సినదాని వివరాలు కొట్టాలి. చాలామంది రివర్స్‌లో చేస్తారు, తీసేయాల్సినదాంట్లోకెళ్ళి "తీసేయ్" అనడం మనకి సహజంగా అనిపిస్తుంది కదా. మేమైతే కాగితం మీద రెండు ఐడీల చివరి నాలుగు అంకెలు రాసి, ఒకదాని పక్కన "ఉంచు" ఇంకోదాని పక్కన "తీసేయ్" అని పెట్టుకున్నాం. కన్ఫర్మ్ చేసే ముందు స్క్రీన్ మీద ఏది పోతుంది ఏది మిగుల్తుంది అని చూపిస్తుంది, అక్కడ మేడమ్ అంకెలు పైకి చదివారు, నేను కాగితంలో చూసి సరే అన్నాను, అప్పుడే నొక్కాం. కాస్త నాటకంలా ఉంటుంది గానీ, ఒకసారి వేరే సార్ విషయంలో ఉల్టా అయ్యి 40 వర్క్స్ మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది, అప్పట్నుంచీ నాకీ కాగితం అలవాటు.

పాత అకౌంట్ ఇన్‌బాక్స్ చూస్తే అసలు తమాషా అక్కడుంది. ఆర్కిడ్‌లో ఇన్‌బాక్స్ ఉంటుందనే చాలామందికి తెలియదు. అందులో క్రాస్‌రెఫ్ నుంచి 2017లో వచ్చిన ఒక రిక్వెస్ట్, మీ రికార్డ్‌లో పేపర్లు మేమే కలుపుతాం, పర్మిషన్ ఇవ్వండి అని. క్రాస్‌రెఫ్ 2015 నుంచి ఈ ఆటో-అప్‌డేట్ నడుపుతోంది, పబ్లిషర్ పంపిన డీఓఐలో మీ ఐడీ ఉంటే అది మిమ్మల్ని ఒకసారి అడుగుతుంది, సరే అంటే ఆ తర్వాత వచ్చే పేపర్లు వాటంతటవే ఎక్కేస్తాయి. మేడమ్ ఆ మెసేజ్ చూడనే లేదు, దాని నోటిఫికేషన్ 2019 దాకా వాడిన మెయిల్‌కే వచ్చుంటుంది, అప్పుడు చెత్త మెయిల్ అనుకుని వదిలేసుంటారు. ఇప్పుడు పర్మిషన్ ఇచ్చాం. ఇచ్చాక `Trusted parties` పేజీలో క్రాస్‌రెఫ్ పేరు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి, కనిపించకపోతే పర్మిషన్ పడనట్టే. పాత పేపర్లు కూడా వస్తాయని కూర్చోకుండా వాటిని మేమే కలిపాం.

పాత రికార్డ్‌లో అప్పటికే 6 వర్క్స్ ఉన్నాయి, మిగతావి ఎక్కించాలి. బిబ్‌టెక్ ఫైల్ చేతిలో ఉంది కాబట్టి దాన్నే తోసేద్దాం అన్నారు మేడమ్. నేను వద్దన్నా, తెరిచి చూస్తే సగం ఎంట్రీల్లో డీఓఐ ఫీల్డే లేదు, మొదట్లో మేడమ్ చేత్తో టైప్ చేసినవి. ఆర్కిడ్ రెండు ఎంట్రీలు ఒకే పేపర్ అని గుర్తుపట్టేది ఐడెంటిఫైయర్ చూసే, టైటిల్ చూసి కాదు. డీఓఐ లేని ఎంట్రీ ఇప్పుడు పెడితే, రేపు క్రాస్‌రెఫ్ అదే పేపర్‌ని డీఓఐతో తోసినప్పుడు రెండుగా కనిపిస్తుంది. అందుకే డీఓఐ ఉన్నవన్నీ క్రాస్‌రెఫ్ సెర్చ్ విజార్డ్‌తోనూ, దాంట్లో పేరు తేడాతో దొరకనివి ఒక్కో డీఓఐ అతికించీ ఎక్కించాం. మొత్తం గంట పట్టింది.

ఆ గంటలో రెండు చాప్టర్ల దగ్గర పది నిమిషాలు ఆగిపోయాం. పాత రికార్డ్‌లో ఉన్న ఆ 6లో ఇవీ ఉన్నాయి, కానీ పేజీలో 5 వరసలే కనిపిస్తున్నాయి. ఒక చాప్టర్ మాయం. వెతికితే రెండూ ఒకే పుస్తకంలోవి, మేడమ్ అప్పట్లో వర్క్ టైప్ చాప్టర్ అని కాకుండా బుక్ అని పెట్టి, రెండింటికీ ఆ పుస్తకం ఐఎస్‌బీఎన్ ఇచ్చారు. ఐడెంటిఫైయర్ పక్కన సంబంధం ఏంటి అని ఒక ఆప్షన్ ఉంటుంది, `Self` అంటే ఈ నంబర్ ఈ వర్క్‌దే, `Part of` అంటే ఈ వర్క్ ఆ నంబర్ ఉన్నదాంట్లో ఒక భాగం. ఇవి `Self` మీద ఉన్నాయి, దాంతో ఆర్కిడ్ రెండూ ఒకే పుస్తకానికి రెండు కాపీలు అనుకుని ఒకదాని వెనక ఒకటి దాచేసింది. టైప్ మార్చి, ఐఎస్‌బీఎన్‌ని `Part of` చేయగానే రెండు వరసలుగా విడిపోయాయి. జర్నల్ ఐఎస్‌ఎస్‌ఎన్‌తో కూడా ఇదే జరగొచ్చు, ఒకే జర్నల్‌లో మీవి ఐదు పేపర్లుంటే ఐదూ ఒకటైపోతాయి. మీ లిస్ట్‌లో లెక్క తగ్గితే ముందు ఇదే అనుమానించండి.

డీఓఐ లేని 3 పేపర్లని జెనోడోలో పెట్టి డీఓఐ తెచ్చుకుందామా అని మేడమ్ అడిగారు. నాకిష్టం లేదు. ఒకటి, జర్నల్ ఒప్పుకోవాలి. రెండోది, జర్నల్ పేజీ ఉండగా అదే పేపర్‌కి ఇంకో చోట ఇంకో డీఓఐ పుట్టిస్తే, సైట్ చేసేవాళ్ళు సగం ఇది రాస్తారు సగం అది రాస్తారు. జర్నల్ సైట్ మూతపడితే అప్పుడు ఆలోచిద్దాం అన్నా. ప్రస్తుతానికి జర్నల్ పేజీ యూఆర్‌ఎల్‌నే ఐడెంటిఫైయర్‌గా ఇచ్చి చేత్తో ఎక్కించాం. ఇక్కడికి 24 లెక్క సరిపోయింది.

డేటాసెట్ సంగతి కొంచెం వేరు, గొడవంతా మొదలైంది దానితోనే కదా. జెనోడోలో పబ్లిష్ అయిపోయిన రికార్డ్‌కి ఫైల్స్ మార్చాలంటే కొత్త వెర్షన్ కావాలి గానీ వివరాలు మాత్రం ఎప్పుడైనా ఎడిట్ చేయొచ్చు. ఆథర్ పేరు పక్కన ఐడీ ఖాళీగా ఉంది, పెట్టాం. దాని మీద రాసిన పేపర్ డీఓఐని సంబంధిత వర్క్‌గా కలిపాం. వివరణలో ఆ యూనిట్ ఏంటో కూడా ఒక లైన్ రాయించాను. ఇంకోటి, జెనోడోలో ఒక్కో వెర్షన్‌కి ఒక డీఓఐ, అన్నిటికీ కలిపి ఒక డీఓఐ ఉంటాయి, ఆ రెండోది ఎప్పుడూ లేటెస్ట్‌కి తీసుకెళ్తుంది. ఆర్కిడ్‌లో మేం అన్ని వెర్షన్లకి కలిపి ఉన్నదే పెట్టాం, పేపర్‌లో ఏ డేటాతో లెక్కలు చేశారో చెప్పేటప్పుడు మాత్రం వెర్షన్ డీఓఐ రాయాలి.

పేర్ల దగ్గర మేడమ్ కేస్ మామూలే. మొదటి పేపర్లు ఇనిషియల్స్‌తో, తర్వాత పూర్తి పేరుతో, తర్వాత ఇంటిపేరు మారాక ఇంకో రకంగా. ఆర్కిడ్‌లో పబ్లిష్ అయ్యే పేరు అని ఒకటి, `Also known as` కింద మిగతా రూపాలన్నీ పెట్టొచ్చు. మూడు రూపాలూ పెట్టాం, పేపర్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా, చుక్కలతో సహా. ఉద్యోగాల్లో పాతదానికి ముగింపు తేదీ లేదు, అందుకే ఆ రీసెర్చర్‌కి ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపించింది, 2019 అని వేశాం. సంస్థ పేరు టైప్ చేసి వదిలేయకుండా కింద వచ్చే లిస్ట్‌లోంచి ఎంచుకోవాలి, లేకపోతే అది ఉత్త అక్షరాలే, ఆ సంస్థకి లింక్ అవ్వదు.

ఇక అసలు కాంటాక్ట్. ఆర్కిడ్‌లో మెయిల్ మామూలుగా ఎవరికీ కనిపించదు, మనమే తెరవాలి. "బయట పెడితే చెత్త మెయిల్స్ వచ్చి పడతాయండీ" అన్నారు మేడమ్, న్యాయమే. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది, ఇందాక కలిపిన మూడో మెయిల్ ఒక్కటీ `Everyone`, ఆఫీస్ మెయిల్ `Only me`. ఆ మూడోదాన్ని రీసెర్చ్ ఉత్తరాలకే వాడతారు, ఉద్యోగం మారినా అది పోదు. పాత యూనివర్సిటీది తీసేశాం. వెబ్‌సైట్ లింక్స్‌లో డిపార్ట్‌మెంట్ పేజీ పెట్టాం, ఆ పేజీలో మళ్ళీ ఆర్కిడ్ లింక్ పెట్టించాం. కొత్త పేపర్లలో జర్నల్ ఆఫీస్ మెయిలే కావాలంటే ఇవ్వొచ్చు, పక్కన ఐడీ అచ్చవుతుంది కాబట్టి అది చచ్చినా దారి ఉంటుంది.

గూగుల్ స్కాలర్‌కీ ఆర్కిడ్‌కీ చుట్టరికం లేదు, ఇక్కడ సరిచేస్తే అక్కడ మారదు, దాన్ని విడిగా కడగాలి. మేడమ్ ప్రొఫైల్‌లో 31 ఐటమ్స్ ఉన్నాయి. 22 తనవి, 3 తన పేపర్లకే డూప్లికేట్లు, 6 అదే పేరున్న వేరే మనిషివి. ఆటోమేటిక్‌గా కలుపుకోమని వదిలేస్తే మామూలు పేర్లున్నవాళ్ళకి ఇదే గతి. ఆ 6 తీసేశాం, కొత్తవి వస్తే ముందు మెయిల్ పంపి అడిగేలా మార్చాం. డూప్లికేట్లని తీసేయకుండా అసలుదాంతో మెర్జ్ చేయాలి, తీసేస్తే వాటి సైటేషన్స్ కూడా ప్రొఫైల్‌లోంచి పోతాయి. ఒక పేపర్‌కి 14, దాని డూప్లికేట్‌కి 9 ఉంటే మెర్జ్ చేశాక 19 వచ్చింది, 23 రావాలిగా నాలుగు ఎక్కడికి పోయాయి అని మేడమ్ వెంటనే పట్టుకున్నారు. రెండు చోట్లా లెక్కలోకి వచ్చిన పేపర్లు నాలుగున్నాయి, వాటిని ఒక్కసారే లెక్కేస్తుంది. పక్కన స్టార్ గుర్తు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మెర్జ్ చేసినదని అర్థం.

స్కాలర్‌లో వెరిఫైడ్ మెయిల్ ఇంకా పాత యూనివర్సిటీది, కొత్త ఆఫీస్ మెయిల్ పెట్టి వెరిఫై చేశాం. ఇక్కడ సంస్థ మెయిలే కావాలి, పర్సనల్ మెయిల్‌తో అయితే ప్రొఫైల్ సెర్చ్‌లో రాదు. పైగా స్కాలర్ మెయిల్ అడ్రస్ చూపించదు, డొమైన్ ఒక్కటే చూపిస్తుంది, కాబట్టి అక్కడికొచ్చినవాడు మనకి రాయాలంటే హోమ్‌పేజ్ లింకే దిక్కు. దాంట్లో ఆర్కిడ్ లింక్ పెట్టేశాం.

స్కోపస్ అనే సైటేషన్ డేటాబేస్‌లో రెండు ఆథర్ ప్రొఫైల్స్ ఉంటే వాళ్ళ ఆథర్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒకటి చేయించాం, దానికి సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. ఆర్కిడ్‌తో లింక్ చేయడం మాత్రం అది ఒకటయ్యాకే, ముందే చేస్తే అక్కడి గందరగోళం ఇటొస్తుంది.

ఇప్పుడు తేలనిది ఒకటి చెప్పాలి. క్రాస్‌రెఫ్‌లో పాత ఐడీకి 7, కొత్తదానికి 3, కలిపి 10. క్రాస్‌రెఫ్ డీఓఐ ఉన్న 20లో మిగతా 10లో ఐడీ ఎందుకు లేదు అని ఒక్కొక్క డీఓఐ తెరిచి చూశా. 9 పేపర్లలో అసలు ఐడీయే లేదు, అవి జర్నల్ అడగని రోజులవో కో-ఆథర్ సబ్మిట్ చేసినవో. పదోదాంట్లో ఇలా ఉంది, నంబర్ శాంపిల్‌ది, పేర్లు మార్చాను.

```
{"family": "AuthorOne",
 "ORCID": "https://orcid.org/0000-0002-1825-0097",
 "authenticated-orcid": false},
{"family": "AuthorTwo",
 "ORCID": "https://orcid.org/0000-0002-1825-0097",
 "authenticated-orcid": false}
```

ఇద్దరికీ ఒకటే నంబర్. కో-ఆథర్ సార్ ఐడీనే మేడమ్ పేరు పక్కన కూడా అతికించారు, ఎవరో సబ్మిషన్ ఫారంలో కాపీ పేస్ట్ చేసి ఉంటారు. ఆర్కిడ్ నంబర్‌లో చివరి అక్షరం చెక్ డిజిట్, కొందరికి అది X కూడా ఉంటుంది, ఒక అంకె తప్పు కొడితే పట్టేస్తుంది, కానీ ఇది వేరే మనిషి సరైన నంబర్, కాబట్టి ఏ చెక్కూ ఆపలేదు. సార్‌కి ఆటో-అప్‌డేట్ ఉంది, పేపర్ ఆయన రికార్డ్‌లోకి చక్కగా వెళ్ళింది, ఆయన కూడా ఆథరే కాబట్టి తప్పనిపించలేదు, అలా ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. కింద `false` అని ఉండటం అంటే తప్పు అని కాదు, ఆథర్ లాగిన్ అయ్యి ఇచ్చినట్టు పబ్లిషర్ గుర్తు పెట్టలేదు అని, అంతే. సరైనవాటికి కూడా `false` ఉంటుంది. కానీ ఐడీని లాగిన్ ద్వారా కాకుండా టైప్ చేయించుకునే జర్నల్స్‌లోనే ఇలాంటివి జరుగుతాయి.

దీన్ని ఆర్కిడ్ సరిచేయదు, క్రాస్‌రెఫ్ కూడా సొంతంగా మార్చదు, పబ్లిషరే కొత్త మెటాడేటా పంపాలి. జర్నల్ ఆఫీస్‌కి మెయిల్ రాశాం, అందులో డీఓఐ, రెండో ఆథర్ స్థానం, ఇప్పుడున్న నంబర్, ఉండాల్సిన నంబర్, ఈ నాలుగే, కథంతా చెప్పలేదు, కథ చెప్తే ఎడిటర్‌కి ఫార్వర్డ్ చేసి వదిలేస్తారు. కొత్త ఐడీ ఉన్న ఆ 3 పేపర్లకి రాయలేదు, అవి నొక్కితే రీడైరెక్ట్ అయ్యి సరైన చోటికే వస్తున్నాయి, వాటి కోసం మూడు ఆఫీసుల వెంట పడటం నాకు దండగనిపించింది, మీకు ఓపికుంటే రాయండి.

అంతా అయ్యాక మళ్ళీ ప్రైవేట్ విండోలో చూశాం. 24 కనిపిస్తున్నాయి, ఒక ఉద్యోగం ముగిసి ఒకటి నడుస్తోంది, మెయిల్ ఉంది, మూసేసిన ఐడీ కొడితే ఇటే వస్తోంది. ఐదు వారాలకి మేడమ్ ఆ మూడో మెయిల్‌కి ఒక ఉత్తరం వచ్చింది, ఇనిషియల్స్ ఉన్న పాత పేరుతో పలకరిస్తూ, మాయమైన ఆ చాప్టర్ గురించి. జర్నల్ ఆఫీస్ మాత్రం ఇంకా ఆ నంబర్ మార్చలేదు, మొన్న మూడోసారి రాశాం.